క్లినిక్ కౌంటర్ దగ్గర ఎనిమిది ఫోన్లకు చార్జింగ్: ఎన్ని వాట్లు, ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: తిరుపతి కొర్లగుంట వైపు మా అన్నయ్యకు చిన్న క్లినిక్ ఉంది, కౌంటర్ పక్కనే మందుల షాపు. కొండ దిగి వచ్చే యాత్రికులు, రోగుల వెంట వచ్చేవాళ్లు ఫోను చార్జింగ్ పెట్టుకోవచ్చా అని రోజూ అడుగుతున్నారు. కౌంటర్ మీద ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టేద్దామనుకుంటున్నాం. ఒకేసారి ఎనిమిది ఫోన్లు పెడితే లోడు ఎక్కువవుతుందా? ఎక్కడ పెడితే ప్రమాదం ఉండదు? కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద నడపవచ్చా?

సమాధానం:

ఎనిమిది ఫోన్ల వల్ల మీకు లోడు సమస్య రాదు. అసలు సమస్య మీరు పెట్టాలనుకుంటున్న ఎక్స్‌టెన్షన్ బోర్డే. దాన్ని మానేసి, నాలుగేసి యూఎస్‌బీ పోర్టులున్న మంచి చార్జర్లు రెండు తీసుకుని, కౌంటర్ వెనక గోడకు ఒక ప్రత్యేకమైన స్విచ్చి మీద బిగించండి. కౌంటర్‌లో కూర్చునే మనిషికి కనిపించేటట్లు, నడుము ఎత్తుకు పైన, స్పిరిట్ సీసాలకు దూరంగా ఉండాలి. ఇన్వర్టర్ మీద నడపవచ్చు కానీ నేనైతే నడపను. కారణం చివర్లో చెబుతాను.

తిరుపతిలో షాపులకు, క్లినిక్‌లకు వైరింగు పని చేసేవాణ్ణి. ఈ చార్జింగ్ మూల అడగని దుకాణదారుడు ఈ మధ్య దాదాపు లేడు. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు వాట్ల సంగతి. చార్జర్ మీద చిన్న అక్షరాల్లో అవుట్‌పుట్ అని రాసి ఉంటుంది. 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే రెండూ గుణించండి, 10 వాట్లు. కొత్త ఫోన్లతో వచ్చేవాటిలో 18, 33, 67, 80 వాట్లవి కూడా ఉన్నాయి. గోడ నుంచి తీసుకునేది దీనికన్నా కొంచెం ఎక్కువ, ఎందుకంటే కొంత శక్తి చార్జర్‌లోనే వేడిగా పోతుంది. అవుట్‌పుట్‌కు ఆరో వంతు కలుపుకుంటే సరిపోతుంది.

ఎనిమిది మందీ తమ సొంత 33 వాట్ల చార్జర్లు తెచ్చి పెట్టారనుకోండి. 264 వాట్లు అవుట్‌పుట్, గోడ నుంచి సుమారు 310. ఎనిమిదీ 80 వాట్లవే అనుకున్నా 750 వాట్ల దగ్గర ఆగుతుంది. అది కూడా ఫోన్లన్నీ ఒకే క్షణంలో ఖాళీగా ఉంటేనే. బ్యాటరీ నిండేకొద్దీ ఫోను తీసుకునే కరెంటు తగ్గిపోతుంది, 80 శాతం దాటాక బాగా తగ్గుతుంది. మన ఇళ్లల్లో ఉండే మామూలు చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. 230 వోల్టుల దగ్గర అది 1,380 వాట్లు. గంటల తరబడి నడిచే లోడును దాని ఐదింట నాలుగు వంతుల్లోనే ఉంచాలని నా పద్ధతి, అంటే 1,100 వాట్లు. ఎలా లెక్కేసినా ఫోన్లు ఆ గీత దాటవు.

కరెంటు బిల్లు గురించి కూడా భయం అక్కరలేదు. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీలో నిలవ ఉండేది సుమారు 19 వాట్ అవర్లు. నష్టాలన్నీ కలిపి ఒక ఫోను పూర్తిగా నిండడానికి 25 అనుకోండి. అంటే ఒక యూనిట్‌తో నలభై ఫోన్లు నిండుతాయి. మీ బిల్లులో వాణిజ్య రేటు ఎంత ఉందో చూసుకోండి. లెక్క కోసం యూనిట్ పది రూపాయలు అనుకుంటే ఫోనుకు పావలా. దీనికి ఇరవై రూపాయలు తీసుకునే దుకాణాలు మన ఊళ్లో ఉన్నాయి, అది వాళ్ల వ్యాపారం. క్లినిక్‌లో మాత్రం ఉచితంగా ఉంచితేనే గౌరవం.

మరి తగలబడేవి ఎందుకు తగలబడతాయి?

బస్టాండు ప్రాంతంలో ఒక దుకాణంలో నేను చూసిన బోర్డు సంగతి చెబుతాను. కౌంటర్ మీద 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు, అందులో కంప్యూటర్, బిల్లు ప్రింటర్ వగైరా కలిపి 300 వాట్లు, వచ్చినవాళ్ల ఫోన్లు నాలుగు, మరో 100 వాట్లు. ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు. పసిబిడ్డతో వచ్చిన ఒక కుటుంబం పాలు కలపడానికి వేడినీళ్లు కావాలని తమ ఎలక్ట్రిక్ కెటిల్ అదే బోర్డులో పెట్టారు. ఖాళీ సాకెట్ కనబడింది, పెట్టారు, వాళ్లను తప్పుపట్టడానికి లేదు. కెటిల్ 1,500 వాట్లు. మొత్తం 1,900 వాట్లు, అంటే 8 ఆంపియర్ల పైన. కాసేపటికి వాసన, ఆ తర్వాత బోర్డు గోడకు గుచ్చిన ప్లగ్గు దగ్గర ప్లాస్టిక్ కరిగింది.

దుకాణదారుడు నన్ను అడిగిన ప్రశ్న: "ఎంసీబీ పెట్టించాం కదండీ, ఎందుకు పడలేదు?" ఎంసీబీ అంటే లోడు మించితే తనంతట తానే పడిపోయే స్విచ్చి, ఆ సర్క్యూట్‌కు ఉన్నది 16 ఆంపియర్లది. 8 ఆంపియర్లు దాని దృష్టిలో సగం లోడు, అది పడదు. ఎంసీబీ గోడలోని వైరును కాపాడడానికి ఉన్నది. దాని తర్వాత మీరు తగిలించే పలుచని వైరు సంగతి, సాకెట్ లోపల ప్లగ్గు పిన్నును పట్టుకునే ఇత్తడి స్ప్రింగు సంగతి దానికి తెలియదు.

ఆ స్ప్రింగు దగ్గరే కథంతా ఉంది. రోజూ పదిమంది ప్లగ్గులు గుచ్చి పీకే సాకెట్‌లో అది వదులవుతుంది. వదులైన చోట కరెంటు దారికి అడ్డు పెరుగుతుంది. అక్కడ పుట్టే వేడి కరెంటుకు వర్గంగా పెరుగుతుంది, అంటే కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. ఆ చోట 0.2 ఓముల నిరోధం ఉందనుకుందాం. 1.7 ఆంపియర్లు పోతుంటే పుట్టే వేడి అర వాటు పైచిలుకు, ఎవరికీ తెలియదు కూడా. 8.3 ఆంపియర్లు పోతుంటే దాదాపు 14 వాట్లు. సీసం కరిగించే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది, దాంట్లో సగానికి పైగా వేడి ఒక పిన్ను మొన దగ్గర, గాలి ఆడని ప్లాస్టిక్ డబ్బాలో పోగవుతుంది. కరిగిందంటే ఆశ్చర్యమేముంది?

మీ క్లినిక్‌లో కెటిల్ బదులు స్టెరిలైజర్ ఉంటుంది, లేదా లేజర్ ప్రింటర్ ఉంటుంది. ప్రింటర్ ఊరికే ఉన్నప్పుడు పెద్దగా ఏమీ తినదు, కాగితం అచ్చువేసే ఆ కాసేపు మాత్రం కొన్ని వందల వాట్లు లాగుతుంది. స్టెరిలైజర్ ఒక్కటే 1,500 వాట్లు ఉండవచ్చు, దానికి 16 ఆంపియర్ల పెద్ద సాకెట్, దాని సొంత వైరు ఉండాలి. టీకాల ఫ్రిజ్ ఉంటే దాని సాకెట్‌ను ఎవరూ ముట్టుకోకూడదు. ఫోను పెట్టుకోవడానికి ఎవరో ఫ్రిజ్ ప్లగ్గు పీకి, మళ్లీ గుచ్చడం మరిచిపోతే జరిగే నష్టం అగ్గి కన్నా నిశ్శబ్దంగా ఉంటుంది, సాయంత్రం దాకా ఎవరికీ తెలియదు.

అందుకే తెరిచిన సాకెట్ వద్దు, యూఎస్‌బీ పోర్టు మాత్రమే

సాకెట్ ఖాళీగా ఉంచితే అందులో ఏది వచ్చి చేరుతుందో మీ చేతిలో ఉండదు. యూఎస్‌బీ పోర్టులో కెటిల్ పట్టదు, ఎలక్ట్రిక్ స్కూటర్ చార్జర్ పట్టదు. పైగా మొత్తం వాట్లకు గరిష్ఠ హద్దు ముందే తెలుస్తుంది. 65 వాట్ల చార్జర్లు రెండు పెడితే ఎన్ని ఫోన్లు తగిలించినా అవుట్‌పుట్ 130 దాటదు, గోడ నుంచి 160 లోపే.

ఇక మీ కౌంటర్ లెక్క వేద్దాం. మామూలుగా చిన్న క్లినిక్ కౌంటర్ దగ్గర ఉండేవి ఇవే: కంప్యూటర్, మానిటర్ కలిపి 150 వాట్లు, చిన్న బిల్లు ప్రింటర్ 50, వైఫై రౌటర్, కార్డు గీకే మెషిన్ కలిపి 25. మొత్తం 225. కొత్త చార్జర్లు 160. కలిపితే 385 వాట్లు, 1.7 ఆంపియర్లు. 1,100 వాట్ల హద్దులో మూడో వంతు దగ్గర ఉన్నారు. మీ దగ్గర ఉన్న వస్తువుల వెనక రాసిన అంకెలు చూసి ఇదే లెక్క మీరూ వేసుకోండి. స్టెరిలైజర్, లేజర్ ప్రింటర్, ఐరన్ పెట్టె లాంటివి ఈ సర్క్యూట్ మీద లేవని నిర్ధారించుకోవడమే అందులో ముఖ్యమైన భాగం.

ఒక ఫిర్యాదు మాత్రం తప్పక వస్తుంది: "ఇంట్లో అరగంటలో నిండేది, ఇక్కడ నిండడం లేదు." 65 వాట్లు నాలుగు పోర్టులకు పంచుకుంటాయి. అదీగాక 67, 80 వాట్ల వేగం చాలా కంపెనీల ఫోన్లలో ఆ కంపెనీ సొంత చార్జర్, సొంత కేబుల్ ఉంటేనే వస్తుంది. వేరే పోర్టులో పెడితే ఫోను తనంతట తానే 10, 18 వాట్లకు దిగిపోతుంది. డాక్టర్ గారి కోసం ఎదురుచూసే ముప్పావు గంటలో ఇంటికి ఫోన్ చేసుకునేంత చార్జింగ్ ఎక్కుతుంది, అది చాలు.

చార్జర్ కొనేటప్పుడు బీఐఎస్ గుర్తు చూడండి. ఐఎస్ 13252 అనే అంకె, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. కొత్త సరుకు మీద ప్రమాణం అంకె వేరుగా ఉండవచ్చు, ఆర్ నంబరు మాత్రం ఉండి తీరాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఏ తయారీదారుకు ఇచ్చారో కనిపిస్తుంది. పెట్టె మీద ఒక పేరు, యాప్‌లో ఇంకో ఊరి ఇంకో సంస్థ పేరు, వస్తువు కూడా వేరేది వస్తే ఆ సరుకు వదిలేయండి. నాసిరకం చార్జర్‌లో 230 వోల్టుల వైపుకు, ఫోను వైపుకు మధ్య ఉండాల్సిన ఎడం ఉండదు. లోహపు అంచు ఉన్న ఫోను పట్టుకుంటే అతి స్వల్పంగా జలదరించడం మంచి చార్జర్లలోనూ కొన్నిసార్లు ఉంటుంది. చెయ్యి వెనక్కి లాక్కునేంత షాక్ కొడితే మాత్రం ఆ చార్జర్‌ను అప్పుడే తీసెయ్యాలి.

ఎలక్ట్రీషియన్‌కు చెప్పవలసినది ఇంతే: మెయిన్ బోర్డు నుంచి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికి 6 ఆంపియర్ల ఎంసీబీ, ముందు కరెంటు లీకైతే లైను తెంచేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, వెలుగుతూ కనిపించే ఇండికేటర్ ఉన్న ఒక స్విచ్చి. సాకెట్లు రెండే, అవి కూడా కౌంటర్ లోపలివైపు, జనం చేతికి అందకుండా. చార్జర్ ప్లగ్గు ఒకసారి గుచ్చాక మళ్లీ పీకే పని లేదు కాబట్టి స్ప్రింగు వదులయ్యే బాధ కూడా తప్పుతుంది. ఎర్త్ ఉందా లేదా మీటరు పెట్టి చూపించమనండి. పాత అద్దె భవనాల్లో మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక వైరు ఉండదు.

ఎక్కడ పెట్టాలి

మొదటగా చెప్పవలసింది వేడి గురించి. మే నెలలో మన ఊరి ఎండ మీకు తెలియనిది కాదు, నలభై డిగ్రీలు దాటుతుంది. ఫోను తయారీదారులు చార్జింగ్‌కు మామూలుగా చెప్పే హద్దు గది వేడి 35 డిగ్రీలు. ఎండ పడే వైపు అద్దాల పెట్టెలో గానీ, కౌంటర్ సొరుగులో గానీ ఫోన్లు పెడితే అవే ఒకదాన్నొకటి వేడెక్కిస్తాయి. కొన్ని ఫోన్లు వేడి ఎక్కువైందని తెర మీద చూపించి చార్జింగ్ ఆపేస్తాయి. మీ చార్జర్ పాడైందని జనం అనుకుంటారు. నిజానికి అది బ్యాటరీ తనను తాను కాపాడుకోవడం. తాళం వేసే పెట్టె కావాలని చాలామంది అడుగుతారు, దొంగతనం భయంతో. దానికన్నా కంటికి ఎదురుగా తెరిచి ఉన్న పలక మేలు. పెట్టె తప్పదంటే ముందు వెనక జాలీ ఉండాలి, ఒక్కో ఫోనుకు విడిగా గడి ఉండాలి, ఒకదాని మీద ఒకటి పేర్చే వీలు ఉండకూడదు.

రెండోది క్లినిక్‌కే ప్రత్యేకం. స్పిరిట్, శానిటైజర్ రెండింట్లోనూ ఆల్కహాల్ ఉంటుంది, దాని ఆవిరి గాలికన్నా బరువు. కౌంటర్ పై అరలో సీసా ఒలికితే ఆవిరి కిందికి దిగి సాకెట్ దగ్గర చేరుతుంది, స్విచ్చి వేసినప్పుడు వచ్చే చిన్న నిప్పురవ్వ దానికి చాలు. సీసా కింద బోర్డు, బోర్డు పైన సీసా ఎప్పుడూ వద్దు. పక్కపక్కన ఉన్నా కనీసం ఒక మీటరు ఎడం ఉంచండి. శానిటైజర్ రాసుకుని చెయ్యి ఆరకముందే ప్లగ్గు ముట్టుకునే అలవాటు ఉంటుంది కనుక సీసాను తలుపు దగ్గరికి మార్చడం ఇంకా మంచిది. ఆక్సిజన్ సిలిండర్ గానీ కాన్సన్‌ట్రేటర్ గానీ ఉన్న గదిలో ఈ చార్జింగ్ మూల ఊసే వద్దు.

ఎత్తు నేల నుంచి సుమారు ఒక మీటరు. ఫినాయిల్ నీళ్లతో తుడిచేటప్పుడు తుంపర పడదు, నడక నేర్చిన పిల్లల చేతికి అందదు. ఫోన్లు పెట్టే పలక గ్రానైట్ అయినా టైలు అయినా సరే. స్టీలు పళ్లెం, మెత్తని గుడ్డ, బిల్లు కాగితాల కట్ట వద్దు. కేబుళ్లు జానెడు, మహా అయితే మూరెడు పొడవు చాలు. మీటరు కేబుల్ కౌంటర్ అంచు మీంచి వేలాడితే ఎవరి సంచికో తగులుకుని ఫోను కింద పడుతుంది, ఆ తర్వాత పంచాయితీ మీ కౌంటర్ దగ్గరే. గడికొక నంబరు రాసి, అదే నంబరు ఉన్న చిన్న టోకెన్ ఇవ్వండి.

వెనక మూత ఉబ్బిన ఫోనును తీసుకోకండి. చదునైన పలక మీద పెట్టి వేలితో తట్టితే బొంగరంలా తిరిగిందంటే బ్యాటరీ ఉబ్బిందని అర్థం. మర్యాదగా "ఇది ఇక్కడ పెట్టకూడదండీ, బ్యాటరీ మార్పించుకోండి" అని చెప్పమని కౌంటర్‌లో కూర్చునేవారికి నేర్పండి. ఎప్పుడైనా ఫోను బుసకొట్టినా పొగ వచ్చినా ముందు స్విచ్చి ఆపాలి, జనాన్ని బయటికి పంపాలి, తర్వాత 101కి ఫోన్ చేయాలి. ఆ పొగ విషం, దాన్ని పీలుస్తూ ఫోనును చేత్తో ఎత్తే సాహసం వద్దు. కరెంటు తీసేశాక, దూరం నుంచి పోయగలిగితే, ఎక్కువ నీళ్లు పోయడం వల్ల బ్యాటరీ చల్లబడుతుంది. గోడకు ఏబీసీ పొడి సిలిండర్ ఒకటి ఉండాలి, అది క్లినిక్‌కు ఎలాగూ కావలసిందే.

ఇన్వర్టర్ సంగతి

ఇన్వర్టర్ మీద రాసేది వాట్లు కాదు, వీఏ, అంటే వోల్టులను ఆంపియర్లతో గుణించిన లెక్క. అందులో నిజంగా పనికొచ్చే వాట్ల వంతునే పవర్ ఫ్యాక్టర్ అంటాం. చిన్న చార్జర్ల పవర్ ఫ్యాక్టర్ తక్కువ, 0.6 ప్రాంతంలో ఉంటుంది. కాబట్టి 160 వాట్ల చార్జింగ్ ఇన్వర్టర్‌కు 270 వీఏ దాకా కనిపిస్తుంది. 850 వీఏ ఇన్వర్టర్‌లో మూడో వంతు అదే తినేస్తుందన్నమాట. పాత రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే చార్జర్లు గుయ్‌మని మోగుతాయి, మామూలు కన్నా వేడెక్కుతాయి, కొన్ని ఫోన్ల తెర స్పర్శకు తప్పుగా స్పందిస్తుంది. సైన్ వేవ్ దైతే ఆ బాధ లేదు.

బ్యాటరీ లెక్క చూడండి. 12 వోల్టులు, 150 ఏహెచ్ అంటే కాగితం మీద 1,800 వాట్ అవర్లు. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు, ఇన్వర్టర్ నష్టం వేరే ఉంది, చేతికొచ్చేది 1,000 అనుకోవడం క్షేమం. డాక్టర్ గారి గదిలో ఫ్యాను 75 వాట్లు, లైట్లు 40, కౌంటర్ కంప్యూటర్ 150, మొత్తం 265. మూడు గంటల ముప్పావు వస్తుంది. దానికి ఫోన్లు సగటున 100 వాట్లు కలిపితే రెండు గంటల ముప్పావుకు పడిపోతుంది. నెబులైజర్ పెట్టుకున్న పిల్లవాడు మధ్యలో ఉన్నప్పుడు ఆ తేడా ఒక గంట. అందుకే చార్జింగ్ సర్క్యూట్‌ను ఇన్వర్టర్ లైనుకు కలపవద్దని చెబుతాను. కరెంటు పోతే ఇండికేటర్ ఆరిపోతుంది, చూసిన జనానికి కారణం చెప్పే అవసరం కూడా ఉండదు. రాత్రి క్లినిక్ మూసేటప్పుడు ఆ స్విచ్చి ఆపి వెళ్లడం అలవాటు చేయండి.

బిగించిన రోజే ఒక పరీక్ష చేయండి. ఎనిమిది పోర్టుల్లోనూ ఫోన్లు పెట్టి గంట ఆగండి. తర్వాత చార్జర్ ఒంటి మీద, ప్లగ్గు ప్లాస్టిక్ మీద, స్విచ్చి పలక మీద చెయ్యి వేసి చూడండి. చార్జర్ వెచ్చగా ఉండడం సహజం. ప్లగ్గు, స్విచ్చి పలక గది వేడి కన్నా పెద్దగా తేడా ఉండకూడదు. ఐదు క్షణాలు చెయ్యి ఆన్చలేనంత వేడి ఉన్నా, చిటపట చప్పుడు వినిపించినా, చేపల వాసన లాంటి కమురు వాసన వచ్చినా స్విచ్చి ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఆరు నెలలకోసారి మెయిన్ ఆపించి స్క్రూలు బిగించమనండి. రంధ్రం చుట్టూ గోధుమ రంగు మచ్చ కనిపించిన సాకెట్‌ను బిగించి సరిపెట్టడానికి ఒప్పుకోకండి, మార్పించాల్సిందే. ఒకసారి కాలిన స్ప్రింగుకు మళ్లీ పట్టు రాదు.